దించాక కూడా వేగుతూనే ఉంటుంది

వేడి అన్నంలో కందిపొడి, నెయ్యి కలిపి ముద్ద నోట్లో పెట్టుకునేవాళ్లలో చాలామందికి, ఆ పప్పు ఒక్కసారి కూడా నీళ్లలో ఉడకలేదన్న సంగతి గుర్తుండదు. అదే కందిపప్పు ముద్దపప్పయితే కుక్కర్లో మెత్తబడుతుంది, సాంబారయితే ఇంకాసేపు మరుగుతుంది. పొడికి ఆ వెసులుబాటు లేదు. మూకుట్లో గడిపిన ఎనిమిది, పది నిమిషాలే దాని వంటంతా. అక్కడ పచ్చిగా మిగిలిపోతే కంచంలోకి పచ్చిగానే వస్తుంది. మాడితే ఏ ఇంగువా ఏ వెల్లుల్లీ ఆ చేదును కప్పిపెట్టలేవు.

తెలుగువాళ్ల పొడుల డబ్బాలన్నీ వరసగా మూతలు తీసి చూస్తే పప్పులు, నువ్వులు, కొబ్బరి మళ్లీ మళ్లీ ఎదురవుతాయి. కందిపొడి పూర్తిగా పప్పు మీద నిలబడుతుంది. తెలంగాణలో నువ్వుల పొడి లేని ఇల్లు అరుదు. కోస్తాలో కొబ్బరికారం ఇడ్లీకీ అన్నానికీ కూడా సరిపోతుంది. ఈ మూడూ ఒకే చోట కలిసేది మాత్రం గుత్తివంకాయలో కూరే కూరపొడిలో. ఒకదానితో ఒకటి పోలికలేని మూడు సరుకులను ఒకే రంగుకు, ఒకే కమ్మదనానికి తీసుకురావాల్సిన పని అది. వేయించడం ఎక్కడ కుదురుతుందో, ఎక్కడ చెడుతుందో తెలుసుకోవడానికి అంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

మూడు సరుకులు, మూడు తీర్లు

వేగేటప్పుడు వచ్చే ఎరుపు, కమ్మటి వాసన ఒక రసాయన చర్య ఫలితం. గింజలోని ప్రొటీన్ల ముక్కలు, చక్కెరలు వేడికి కలిసి వందలాది కొత్త వాసన పదార్థాలుగా మారతాయి. దీన్ని 1912లో మొదట వివరించిన ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కమీల్ మేయార్ పేరే ఆ చర్యకు పెట్టారు. వంటింటి లెక్కలో ఇది జోరందుకునేది దాదాపు 140 డిగ్రీల సెల్సియస్ దగ్గర. నీరున్నంతసేపు ఏ గింజా ఆ వేడికి చేరదు. నీరు ఆవిరయ్యే 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. అందుకని వేయించడమంటే ముందు ఆరబెట్టడం, ఆ తర్వాతే ఎర్రబరచడం. ఈ రెండు పనులకూ ఏ సరుకు ఎంత సమయం తీసుకుంటుందన్నది దానిలోని నీరు, నూనె, దాని మందం తేలుస్తాయి.

పప్పుల సంగతి చూస్తే, కందిపప్పులో, శనగపప్పులో నూనె తక్కువ, పిండి పదార్థం ఎక్కువ, నీరు పదో వంతు దాకా ఉంటుంది. బద్ద మందంగా ఉంటుంది కాబట్టి వేడి లోపలికి మెల్లగా పాకుతుంది. మంట పెద్దది చేస్తే పైపొర ఎర్రబడి, నడిమి భాగం తెల్లగా, పచ్చిగా ఉండిపోతుంది. కంటికి చక్కగా వేగినట్టే కనిపిస్తుంది. పొడి చేశాక తెలుస్తుంది అసలు విషయం: నాలుకకు పిండిలా అంటుకుంటుంది, అంగిలికి అతుక్కుంటుంది, పచ్చి పప్పు వాసన గొంతు దాకా వస్తుంది. పెద్దవాళ్లు వేగే పప్పులోంచి రెండు బద్దలు తీసి కొరికి చూసేది అందుకే. కొరికితే కటుక్కుమని విరగాలి. విరిగిన చోట లోపలి రంగు పైరంగుకు దగ్గరగా ఉండాలి. పంటి కింద సాగినట్టుంటే నీరింకా పోలేదని అర్థం.

నువ్వులు దీనికి పూర్తిగా ఎదురు. గింజ చిన్నది, పలచనిది. బరువులో సగం దాకా నూనే. వేడి లోపలికి చేరడానికి క్షణాలు చాలు. లోపలున్న కాస్త నీరు ఆవిరై గింజను ఎగరగొడుతుంది, అదే ఆ చిటపట. మొదట ఒకటి రెండు గింజలు ఎగురుతాయి, తర్వాత చిటపటలు జోరవుతాయి, ఆ తర్వాత తగ్గుతాయి. జోరు తగ్గడం మొదలైనప్పుడు దించాలి. పూర్తిగా ఆగేదాకా చూస్తే చేదు దిగుతుంది.

నువ్వుల విషయంలో రంగును నమ్ముకోవడం అంత మంచిది కాదు. జగిత్యాల నుంచి వచ్చిన శ్వేత తిల్ లాంటి తెల్ల రకాలైతే రంగు మారడం కనిపిస్తుంది. ఎలమంచిలి రకాల్లా గోధుమ రంగు గింజలైతే అసలే ఎర్రగా ఉంటాయి. వాటిని చెవితో, ముక్కుతో చూడాలి. ఇంకో గుర్తు కూడా ఉంది. నాలుగు గింజలు వేళ్ల మధ్య నలిపితే పొడిపొడిగా చిట్లాలి, వేలికి కాస్త నూనె తడి తగలాలి. వేగని గింజ నలగదు, జారిపోతుంది.

ఎండుకొబ్బరి, తెలంగాణ ఇళ్లలో కుడుక, మూడింటిలోకీ తొందరపాటు మనిషి లాంటిది. బరువులో మూడింట రెండు వంతులకు దగ్గరగా నూనె, నీరు అయిదారు శాతమే. పైగా తురిమాక అది సన్నటి పోగులుగా మారుతుంది. ఆరబెట్టే దశ దాదాపు లేనట్టే, నేరుగా ఎర్రబడటంలోకి దిగుతుంది. సన్నసెగ మీద రెండు నిమిషాలు పట్టే తురుము, వేడెక్కిన ఇనుప మూకుట్లో అర నిమిషంలో అంచులు నల్లబడుతుంది. నల్లబడ్డ పోగులను ఏరి పారేయడం కుదరని పని.

పచ్చికొబ్బరి కోరుది మరో తీరు. అందులో సగానికి దగ్గరగా నీరే. మూకుట్లో వేశాక పది నిమిషాల దాకా ఏమీ జరుగుతున్నట్టుండదు. ఆవిరి వస్తుంటుంది, కోరు ముద్దలు కడుతుంటుంది, తెల్లగానే ఉంటుంది. ఇంక వేగదేమోనని మంట పెంచడం చాలామంది చేసే పని. సరిగ్గా ఆ సమయంలోనే చివరి తడి కూడా పోయి, కోరు ఒక్కసారిగా ఎర్రబడటం మొదలవుతుంది. పది నిమిషాల నింపాదిని నమ్మి పక్కకు తిరిగినవాళ్లు ఆ ఒక్క నిమిషంలో మాడ్చేస్తారు. ఇక్కడ చప్పుడే దారి చూపుతుంది. తడి ఉన్నంతసేపు సన్నగా సుయ్‌మంటుంది, గరిటె కింద మెత్తగా కదులుతుంది. తడి పోగానే ఆ శబ్దం ఆగి, గరిటెకు గరగరమని పొడి చప్పుడు తగులుతుంది. మంట పెంచడం కాదు, తగ్గించాల్సిన సమయం అది.

కిలోలో పావు కూరపొడి

ఇప్పుడు పొయ్యి వెలిగించవచ్చు. దాదాపు పావుకిలో పొడికి శనగపప్పు 60 గ్రాములు, మినప్పప్పు 40, ధనియాలు 30, నువ్వులు 40, ఎండుకొబ్బరి తురుము 40, ఎండుమిర్చి 15 గ్రాములు, చెంచాడు జీలకర్ర, రుచికి తగ్గ ఉప్పు. మిర్చి కారాన్ని బట్టి పెంచుకోవడం, తగ్గించుకోవడం ఇంటివాళ్ల ఇష్టం. అరకిలో గుత్తివంకాయలు వండితే ఇందులో మూడో వంతు దాకా పడుతుంది.

నువ్వుల్లో ఇసుక ఉండే అవకాశం ఎక్కువ. ముందురోజే కడిగి, గుడ్డలో వడకట్టి, నీడన ఆరబెట్టుకుంటే పొడి పళ్ల కింద కరకరలాడదు. తడి ఆరకుండా మూకుట్లో వేస్తే చిటపట మొదలయ్యేసరికి రెట్టింపు సమయం పడుతుంది, ఆ చిటపటను నమ్మడానికీ ఉండదు.

అడుగు మందంగా ఉన్న మూకుడు కావాలి. పలచటి పాత్రలో మంట తగిలిన నడిమి భాగం ఒక్కటే కాలిపోతుంది. మూకుడు ఎంత వేడెక్కిందో తెలియాలంటే ఒక నీటిచుక్క చాలు. చుక్క పడ్డచోటే సుయ్‌మని పొంగి ఇంకిపోతే పప్పులకు సరైన సెగ. అది ముత్యంలా గుండ్రంగా మారి మూకుడంతా పరుగెడితే ఆ పాత్ర రెండు వందల డిగ్రీలకు చేరువలోనో, పైనో ఉంది. చుక్క కింద ఆవిరి పొర ఏర్పడటం వల్ల అలా జారుతుంది. అలాంటప్పుడు పొయ్యి ఆపి కాసేపు ఊరుకోవడం తప్ప దారి లేదు. ఈ మధ్య కొందరు దూరం నుంచే వేడి చూపే థర్మామీటర్ వాడుతున్నారు. నల్లటి ఇనుప మూకుటి మీద అది బాగానే పనిచేస్తుంది, తళతళలాడే స్టీలు బాండీ మీద మాత్రం ఉన్నదానికన్నా చాలా తక్కువ చూపించి మోసపుచ్చుతుంది.

వరస ముఖ్యం. మొదట శనగపప్పు. మూకుడు ఇంకా మెల్లగా వేడెక్కుతున్నప్పుడే వేస్తే మందపాటి బద్దకు లోపలిదాకా వేడి పట్టే సమయం దొరుకుతుంది. సన్నసెగ మీద, గరిటె ఆపకుండా తిప్పుతూ, పది పన్నెండు నిమిషాలు. మొదటి నాలుగైదు నిమిషాలు వాసనేమీ ఉండదు. తర్వాత పచ్చి వాసన ఒకసారి పైకి వస్తుంది, కంగారు పడక్కర్లేదు. అది పోయాకే వేపుడు శనగల కమ్మదనం మొదలవుతుంది. ఆ కమ్మదనం వచ్చి, బద్ద లేత బంగారు రంగుకు తిరిగాక పళ్లెంలోకి తీసేయాలి. మినప్పప్పు ఇంకాస్త తొందరగా, ఆరేడు నిమిషాల్లో అవుతుంది. పొట్టు తీసిన తెల్ల మినప్పప్పయితే రంగు స్పష్టంగా తెలుస్తుంది, అందుకే కొత్తగా నేర్చుకునేవాళ్లు దానితో మొదలుపెట్టడం సులువు.

ధనియాలకు మూడు నిమిషాలు, చివర్లో జీలకర్ర. మిర్చి ఉబ్బి రంగు నిగనిగలాడేదాకా నిమిషంన్నర. ఈ సమయానికి మూకుడు బాగా కాగి ఉంటుంది. నువ్వులు వేసేముందు పొయ్యి ఆపి ఒక నిమిషం ఆగడం మంచిది. నువ్వులు పలచగా పరిచి, సెగ తిరిగి సన్నగా పెట్టి మూడు నాలుగు నిమిషాలు తిప్పితే చిటపట లేచి తగ్గుముఖం పడుతుంది.

అన్నిటికంటే చివర కొబ్బరి. దీనికి పొయ్యి అసలు అక్కర్లేదు. నువ్వులు తీసేశాక మంట ఆపి, మూకుటిలో మిగిలిన వేడిలోనే తురుము వేసి నిమిషంన్నర, రెండు నిమిషాలు కలిపితే తెలుపు పోయి లేత గోధుమ రంగు వస్తుంది. వేడి చాలలేదనిపిస్తే పది క్షణాలు మంట వెలిగించి ఆపితే సరి. మహారాష్ట్రలో గోడా మసాలాకు ఇదే ఎండుకొబ్బరిని ముదురు గోధుమ రంగు దాకా తీసుకెళ్తారు. ఆ మసాలా రంగు, రుచి దాని మీదే ఆధారపడతాయి. గుత్తివంకాయ పొడికి అంత అక్కర్లేదు. వంకాయల్లో కూరాక ఈ పొడి నూనెలో మరో పావుగంట మగ్గుతుంది, కొబ్బరి అక్కడ ఇంకాస్త వేగుతుంది. కూరలోకి వెళ్లే పొడిని ఒక మెట్టు లేతగా, అన్నంలో నేరుగా కలుపుకునే పొడిని పూర్తిగా వేయించడం ఈ లెక్కన వచ్చిన పద్ధతే.

ఇన్నిసార్లు విడివిడిగా ఎందుకు, అన్నీ ఒకేసారి పోసేస్తే పోలేదా అని అడిగేవాళ్లు ఉంటారు. శనగపప్పు వేగేసరికి కొబ్బరి బొగ్గవుతుంది, కొబ్బరి వేగినప్పుడు దించేస్తే శనగపప్పు పచ్చిగా ఉంటుంది. అంతకన్నా పెద్ద లాభం ఇంకోటి ఉంది. విడిగా వేయించినప్పుడు నువ్వులు మాడితే ఆ 40 గ్రాములు మాత్రమే పోతాయి. కలిపి వేయించినప్పుడు మాడితే పావుకిలో పొడీ పోతుంది, ఎందుకంటే మాడిన చేదు కొద్దిగా ఉన్నా పొడి మొత్తానికి పాకుతుంది.

పళ్లెంలో జరిగే పని

పొయ్యి ఆపగానే వేయించడం ఆగిపోతుందని అనుకోవడమే చాలా పొడులు చెడటానికి మూలం. ఇనుప మూకుడు వేడిని చాలాసేపు పట్టి ఉంచుతుంది. అందులోనే వదిలేసిన పప్పు రెండు మూడు నిమిషాల్లో ఇంకో మెట్టు ఎర్రబడుతుంది. గుట్టగా పోసినా అంతే, అంచున ఉన్నవి చల్లారినా నడిమివి లోపల ఉడికిపోతుంటాయి. అమెరికాలో, బ్రిటన్‌లో గాజు పలక ఉన్న కరెంటు పొయ్యిల మీద వండే తెలుగువాళ్లకు ఇది ఇంకా పెద్ద సమస్య. మీట తిప్పినా పలక నిమిషాల తరబడి కాలుతూనే ఉంటుంది. మూకుడిని పలక మీద నుంచి తీసేయడమొక్కటే మంట ఆపినట్టు. అక్కడి దుకాణాల్లో దొరికే కొబ్బరి తురుములో చక్కెర కలిపినది కూడా ఉంటుంది. ప్యాకెట్ మీద చూసి తీపి లేనిదే ఎంచుకోవాలి, చక్కెర ఉన్నది కొబ్బరి వేగకముందే నల్లబడుతుంది.

అందుకే రంగు అనుకున్నదానికి పిసరంత ముందే దించి, వెడల్పాటి స్టీలు పళ్లెంలో పలచగా పరచాలి. పప్పులు ఒక పళ్లెం, నువ్వులు ఒకటి, కొబ్బరి ఇంకోటి. మూత పెట్టకూడదు. వేడి సరుకు నుంచి వచ్చే ఆవిరి మూతకు తగిలి చుక్కలుగా మళ్లీ దాని మీదే పడుతుంది. పది నిమిషాలు కష్టపడి బయటికి పంపిన తడిని చేజేతులా తిరిగి పిలిచినట్టవుతుంది. ఫ్యాను గాలి తగిలితే మంచిదే, కొబ్బరి, నువ్వులు ఎగిరిపోనంత మెల్లగా ఉంటే చాలు. పలచగా పరిస్తే ఇరవై నిమిషాలు, అరగంటలో గది వేడికి వస్తాయి. పైన తాకి చూడటం చాలదు, నడుమ వేలు పెట్టి చూడాలి.

చల్లారకముందే మిక్సీలో వేస్తే ఏమవుతుందో నువ్వులతో తెలుస్తుంది. వేడి నూనె పలచగా ఉంటుంది, సులువుగా బయటికి కారుతుంది. తిరిగే బ్లేడ్ల రాపిడి ఇంకాస్త వేడి జోడిస్తుంది. రెండు మూడు తిప్పుల్లో పొడి కావాల్సింది జార్ అంచులకు అతుక్కుని ముద్ద అవుతుంది. కొబ్బరిదీ అదే కథ. దాని నూనె దాదాపు 25 డిగ్రీల దగ్గర కరుగుతుంది. డిసెంబరు ఉదయం హైదరాబాదులో కొబ్బరినూనె సీసా తెల్లగా గడ్డకట్టడం అందరూ చూసేదే. ఆ చలిలో తురుము పొడిగా నలుగుతుంది. మే నెలలో విజయవాడలో అదే తురుములో నూనె ఎప్పుడూ ద్రవంగానే ఉంటుంది. ఎండాకాలం కూరపొడి కొట్టుకోవాలంటే తెల్లవారుజామున కొట్టడం, జార్‌ను కాసేపు ఫ్రిజ్‌లో ఉంచి, తీశాక పట్టిన చెమ్మను పొడిగుడ్డతో పూర్తిగా తుడిచి వాడటం కొంత ఉపయోగపడతాయి.

పొడి కొట్టే వరస కూడా వేయించిన వరసే. ముందు పప్పులు, ధనియాలు, జీలకర్ర, మిర్చి, ఉప్పు కలిపి బరకగా పొడి చేయాలి. ఆ పొడిలో నువ్వులు వేసి మూడు నాలుగు క్షణాలు తిప్పి ఆపాలి, అడుగు కదిపి మళ్లీ తిప్పాలి. కొబ్బరి చివర ఒకటి రెండు తిప్పులు మాత్రమే. ముందే ఉన్న పప్పు పొడి, నువ్వుల నుంచి, కొబ్బరి నుంచి వచ్చే నూనెను పీల్చుకుంటుంది కాబట్టి ముద్ద కట్టదు. రోట్లో దంచేవాళ్లకు ఈ బాధ తక్కువ, రోకలి పోటుకు మిక్సీ అంత వేడి పుట్టదు. పొడి తయారయ్యాక కూడా గోరువెచ్చగా ఉంటుంది. మళ్లీ పళ్లెంలో పరిచి, అది చల్లారాకే సీసాలోకి.

చల్లారబెట్టడానికీ ఒక హద్దుంది. వేగిన పప్పు గాలిలోని తడిని ఆత్రంగా పీల్చుకుంటుంది. వానాకాలంలో రాత్రంతా పళ్లెంలో వదిలేస్తే తెల్లారేసరికి మెత్తబడి, కటుక్కుమన్నది కాస్తా సాగుతుంది. చల్లారిన గంటలోపే దంచేయడం మేలు.

వాసన చెప్పేది

ఇంత జాగ్రత్త తీసుకున్నా పొడులు పాడవుతాయి. ఏ తప్పు జరిగిందో ముక్కే చెబుతుంది. సబ్బు వాసన వస్తే తడి తగిలిందని అర్థం. కొబ్బరి నూనెలో దాదాపు సగం లారిక్ ఆమ్లమే. తడి తగిలితే నూనె విడిపోయి ఆ ఆమ్లం బయటికి వస్తుంది, నాలుక మీద సబ్బులా అనిపిస్తుంది. పచ్చికొబ్బరి కోరు సరిగ్గా ఆరకపోయినా, వేడి పొడిని సీసాలో పోసి మూత బిగించినా, తడి చెంచా పెట్టినా ఇదే ఫలితం. ఇక పాత నూనె వాసన, రంగు డబ్బా లాంటి ఘాటు వస్తే అది గాలి తగిలి వచ్చిన ముక్క వాసన. నువ్వుల నూనెలోని కొవ్వులు గాలికి తొందరగా పాడయ్యే తరహావే. కానీ నువ్వుల్లో సెసమోలిన్ అనే పదార్థం వేయించినప్పుడు సెసమోల్‌గా మారి నూనెను కాపాడుతుంది. అందుకే బాగా వేగిన నువ్వుల పొడి, అరకొరగా వేగినదాని కంటే ఎక్కువ రోజులు నిలుస్తుంది. పొడి చేశాక మాత్రం గాలి తగిలే మేర పెరుగుతుంది. సీసా చిన్నదిగా, నిండుగా ఉంటే గాలికి చోటు తగ్గుతుంది.

కుడుక కొనేటప్పుడు లోపలి వైపు చూడాలి. నల్లగా, ఆకుపచ్చగా బూజు మచ్చలుంటే ఆ ముక్క గీకి వాడుకునే పని వద్దు. కొన్ని బూజులు వదిలే అఫ్లాటాక్సిన్ అనే విషం వేయించే వేడికి పూర్తిగా పోదు. బూజు పైన కనిపించిన దానికంటే లోతుగా కూడా పాకి ఉండవచ్చు.

కొబ్బరి లేని కందిపొడి పొడి సీసాలో నెలా రెండు నెలలు బాగానే ఉంటుంది. కొబ్బరి, నువ్వులు పడిన కూరపొడికి మూడు వారాలు మించి ఆశ పెట్టుకోకపోవడం మంచిది. అందుకే పెద్ద మొత్తంలో కొట్టుకునే ఇళ్లలో పప్పులు, ధనియాలు, మిర్చి పొడిని విడిగా దాచి, వంకాయ కూర చేసే రోజు నువ్వులు, కొబ్బరి అప్పటికప్పుడు వేయించి కలుపుతారు. ఆ రెండింటికీ కలిపి పట్టేది ఆరేడు నిమిషాలే.

వానల్లో పప్పు పొడి మెత్తబడితే సన్నసెగ మీద అడుగు మందం మూకుట్లో ఒక నిమిషం కదిపి, చల్లార్చి తిరిగి సీసాకెత్తవచ్చు. పొడి రేణువు చిన్నది కాబట్టి గింజ కంటే ఎన్నో రెట్లు తొందరగా మాడుతుంది, చేయి ఆపకూడదు. కొబ్బరి కలిసిన పొడిని మాత్రం మళ్లీ పొయ్యెక్కించకూడదు. వాసన బాగుంటే ఫ్రిజ్‌లోకి మార్చి ఆ వారంలోనే కూరల్లో వాడేయాలి, సబ్బు వాసన తగిలితే పారబోయాలి.